రాత్రి లైట్లు ఆపి సినిమా చూడటానికి టీవీ కలర్ టెంపరేచర్ ఎలా సెట్ చేసుకోవాలి?

"Warm పెడితే బొమ్మ పసుపుగా ఉంటోంది, Cool పెడితే తెల్లగా, నీట్‌గా ఉంటోంది. మరి అందరూ Warm పెట్టమంటారేంటి?" టీవీ సెట్టింగుల గురించి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెబితే ఎవరూ నమ్మరు. పెట్టి చూస్తారు, పసుపుగా కనిపిస్తుంది, రెండు నిమిషాల్లో మళ్లీ మార్చేస్తారు. అందుకే ఏ వరసలో చేయాలో, కంటికి ఎంత టైమ్ ఇవ్వాలో, కుదిరిందో లేదో ఎలా తెలుసుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది రాత్రిపూట, లైట్లు ఆపేసిన గదిలో సినిమా చూసేవాళ్ల కోసం. పగలు కిటికీలు తెరిచి క్రికెట్ చూసేటప్పటి లెక్క వేరు.

## 1. Warm అంటే ఎంత, Cool అంటే ఎంత?

కలర్ టెంపరేచర్‌ను కెల్విన్‌లలో చెబుతారు. కొలిమిలో ఇనుము వేడెక్కుతున్నప్పుడు ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, ఇంకా కాలితే తెల్లగా వెలుగుతుంది కదా. ఈ స్కేలు కూడా అదే వరసలో నడుస్తుంది. అంకె తక్కువైతే వెలుగు పసుపు, ఎరుపు వైపు ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ నీలం వైపు వెళుతుంది.

పాత ఫిలమెంటు బల్బు దాదాపు 2700 కెల్విన్. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు 6500. నీలాకాశం నుంచి వచ్చే వెలుగు 10000 కూడా దాటుతుంది.

ఇక టీవీ సంగతి. సినిమాకు రంగులు సరిచేసే కలరిస్టు, ఇంట్లో చూసే వెర్షన్ కోసం వాడే మానిటర్‌లో తెలుపును D65 అనే ప్రమాణానికి పెట్టుకుంటారు. అంటే దాదాపు 6500 కెల్విన్. హెచ్‌డీ ప్రమాణమైన Rec.709లోనూ, 4కే ప్రమాణమైన Rec.2020లోనూ తెలుపు ఇదే. మీ టీవీలో ఈ D65కి దగ్గరగా ఉండే సెట్టింగుకే కంపెనీలు Warm అని పేరు పెట్టాయి.

కాబట్టి Warm పెట్టడమంటే సినిమాకి పసుపు కలపడం కాదు. సినిమా తీసినవాళ్లు చూసిన తెలుపుకి దగ్గరగా వెళ్లడం. Standard, Neutral లాంటివి దానికన్నా నీలంగా ఉంటాయి. Cool అయితే చాలా టీవీల్లో 10000 కెల్విన్ చుట్టుపక్కలకో, ఆ పైకో వెళుతుంది.

మరి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే Warm పెట్టి పంపొచ్చు కదా? షోరూమ్‌లో పక్కపక్కన ఇరవై టీవీలు, పైన బోలెడన్ని లైట్లు ఉంటాయి. అక్కడ నీలం తిరిగిన తెలుపే ఎక్కువ తెల్లగా, కాంతిగా కనిపిస్తుంది. ఉతికిన చొక్కాకి నీలిమందు పెడితే మరింత తెల్లగా అనిపించడం లాంటిదే ఇది. ఆ వెలుగులో అమ్ముడుపోవడానికి పెట్టిన సెట్టింగు మీ బెడ్‌రూమ్ చీకటికి పనికిరాదు.

## 2. చీకట్లోనే తేడా ఎందుకు ఎక్కువగా తెలుస్తుంది?

కారణాలు చాలానే ఉన్నాయి. కానీ సెట్ చేసేటప్పుడు పనికొచ్చేవి మూడు.

మొదటిది, కన్ను దేన్ని తెలుపుగా తీసుకుంటుందన్నది. మన చూపు ఎప్పటికప్పుడు చుట్టూ ఉన్న వెలుగుకి తగ్గట్టు సర్దుకుంటుంది. అందుకే బల్బు కింద చూసినా, ఎండలో చూసినా తెల్లకాగితం తెల్లగానే అనిపిస్తుంది. పగలు హాల్లో కిటికీలోంచి వచ్చే వెలుగు కొంత, స్క్రీన్ వెలుగు కొంత కలిపి కన్ను సర్దుకుంటుంది. ఆ పగటి వెలుగులో ఆకాశపు నీలం ఉంటుంది కాబట్టి దాని పక్కన D65 తెలుపు కాస్త పసుపుగా తోచడం మామూలే. రాత్రి లైట్లన్నీ ఆపేస్తే గదిలో వెలుగిచ్చేది స్క్రీన్ ఒక్కటే. పోల్చుకోవడానికి ఇంకో తెలుపు ఉండదు. అప్పుడు D65 కొద్ది నిమిషాల్లోనే మామూలు తెలుపుగా కుదురుకుంటుంది.

అలాగైతే Cool కూడా కుదురుకోవాలి కదా? పూర్తిగా కుదురుకోదు. తనంతట తాను వెలిగే స్క్రీన్‌ని చీకట్లో చూస్తున్నప్పుడు కన్ను దాని రంగుకు నూటికి నూరు శాతం సర్దుకోలేదు. తెలుపు నీలం వైపు మరీ దూరం జరిగితే, ఎంతసేపు చూసినా ఆ నీలం ఛాయ కొంత మిగిలే ఉంటుంది.

రెండోది చర్మం రంగు. చొక్కా రంగు కాస్త మారితే మనకు తెలియదు. ముఖం రంగు మారితే వెంటనే తెలుస్తుంది. చామనఛాయలో ఎరుపు, పసుపు పాళ్లు ఎక్కువ. దానికి నీలం కలిస్తే ముఖం బూడిద పూసినట్టు పాలిపోతుంది. దీపం వెలుగులో తీసిన సీన్లో అయితే ఇంకా ఘోరం. నటి చెంప మీద పడాల్సిన బంగారు రంగు పోయి ట్యూబ్‌లైటు కింద తీసినట్టు తయారవుతుంది.

మూడోది మసక వెలుగులో కన్ను పనిచేసే తీరు. వెలుగు బాగా తగ్గినప్పుడు కంట్లోని రాడ్ కణాలు కూడా పనిలోకి దిగుతాయి. అవి నీలం-ఆకుపచ్చ వైపు వెలుగుకి ఎక్కువ స్పందిస్తాయి, ఎరుపుని దాదాపు పట్టించుకోవు. దాంతో చీకటి సీన్లలో నీలం ఉన్నదానికన్నా ఎక్కువ కాంతిగా అనిపిస్తుంది. పైగా ఎల్‌సీడీ టీవీల్లో నలుపు పూర్తి నలుపు కాదు. వెనక వెలిగే లైటు కాస్త లీకై నీలం-బూడిద రంగులో కనిపిస్తుంది. పగలు కంటికి ఆనని ఆ లీకు రాత్రి స్పష్టంగా తెలుస్తుంది. Cool పెడితే దాని పక్కనున్న ముదురు నీడలు కూడా నీలం వైపు జరుగుతాయి.

## 3. మొదలుపెట్టే ముందు

ఈ పని పగలు చేయకండి. ఏ వెలుగులో సినిమా చూస్తారో ఆ వెలుగులోనే సెట్ చేయాలి. కనీసం ఒక గంట ఖాళీ చూసుకోండి. అందులో సగం టైమ్ కన్ను అలవాటు పడటానికే పోతుంది.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- టీవీ ఆన్ చేసి అరగంట నడవనివ్వండి. ప్యానెల్ వేడెక్కాక రంగు కొంచెం మారి స్థిరపడుతుంది.
- గదిలో రంగు జీరో బల్బు ఉంటే ఆపేయండి. నీలం, ఆకుపచ్చ జీరో బల్బులు చూపుని బాగా మోసం చేస్తాయి.
- పూర్తి తెలుపు, మధ్యస్థ బూడిద రంగు ఫొటోలు రెండు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.
- ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా వెతికి పెట్టుకోండి. రంగులద్దిన వెర్షన్ పనికిరాదు.
- ముఖాలు దగ్గరగా, మామూలు పగటి వెలుగులో కనిపించే ఒక కలర్ సినిమా సీన్ ఎంచుకోండి. పాటల సీన్లు వద్దు, వాటిలో రంగులు కావాలనే మార్చి ఉంటాయి.
- ఇప్పుడున్న సెట్టింగులన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

బ్లాక్ అండ్ వైట్ సినిమాని చాలామంది వదిలేస్తారు కానీ పరీక్షకి అంతకన్నా మంచి సాధనం లేదు. అందులో రంగే ఉండకూడదు కాబట్టి, మీకు ఏ రంగు ఛాయ కనిపించినా అది టీవీ కలిపిందే.

## 4. ఈ వరసలో చేయండి

వరస తప్పితే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. ఎందుకంటే పిక్చర్ మోడ్ మార్చగానే కింద ఉన్న సెట్టింగులన్నీ ఆ మోడ్ వాటికి మారిపోతాయి.

### 4.1 పిక్చర్ మోడ్

`Vivid`, `Dynamic`, `Standard` నుంచి బయటికి రండి. `Filmmaker Mode` ఉంటే అది, లేకపోతే `Movie` లేదా `Cinema` ఎంచుకోండి. ఈ మోడ్‌లలో కలర్ టెంపరేచర్ చాలావరకు సరిగ్గానే పెట్టి ఉంటుంది. మిగతా పని తేలికవుతుంది.

### 4.2 తనంతట తానే మారేవన్నీ ఆఫ్

గది వెలుగుని బట్టి బొమ్మను మార్చే సెన్సర్, పవర్ సేవింగ్, కంటికి హాయి పేరుతో ఉండే `Eye Comfort` లాంటి మోడ్‌లు అన్నీ ఆపేయండి. ఇవి పిక్చర్ మెనూలో కాకుండా `General` లేదా `Energy Saving` కింద దాక్కుని ఉంటాయి, అక్కడ కూడా వెతకండి. వీటిలో ఒక్కటి ఆన్‌లో ఉన్నా మీరు పెట్టిన సెట్టింగు రేపటికి వేరేలా కనిపిస్తుంది.

### 4.3 కాంతి తగ్గించడం

రంగు ముట్టుకునే ముందు వెలుగు సంగతి చూడాలి. మామూలు, అంటే హెచ్‌డీఆర్ కాని సినిమాలకు స్టూడియో మానిటర్ తెలుపు కాంతి 100 నిట్‌ల దగ్గర ఉంటుంది. నిట్ అంటే స్క్రీన్ కాంతికి కొలత. మన టీవీలు ఫ్యాక్టరీ సెట్టింగులో దానికి మూడు, నాలుగు రెట్లు వెలుగుతుంటాయి. చీకట్లో అంత వెలుగు కళ్లలో గుచ్చుతుంది. రంగును కూడా సరిగ్గా అంచనా వేయనివ్వదు.

కాంతి కొలిచే మీటర్ లేకపోయినా ఇలా చేయొచ్చు. లైట్లు ఆపి ఐదు నిమిషాలు చీకటి సీన్ చూడండి. తర్వాత ఒక్కసారిగా పూర్తి తెలుపు ఫొటో పెట్టండి. కళ్లు చిట్లించాల్సి వస్తే `Backlight` తగ్గించండి. ఓఎల్‌ఈడీ అయితే `OLED Pixel Brightness`. తెలుపు తెలుపులా ఉంటూ కన్ను ఇబ్బంది పడని చోట ఆపండి.

ఒక జాగ్రత్త. కొన్ని కంపెనీల మెనూలో `Brightness` అంటే వెనక లైటు, కొన్నిటిలో అది నలుపు స్థాయి. తగ్గించినప్పుడు తెలుపు కాంతి తగ్గకుండా చీకటి భాగాల్లో వివరాలు మాయమైపోతే, మీరు పట్టుకున్నది నలుపు స్థాయిని. దాన్ని మళ్లీ పాత చోటికి తెచ్చేయండి.

### 4.4 కలర్ టెంపరేచర్

ఇప్పుడు అసలు పని. D65కి దగ్గరగా ఉండే ఆప్షన్ పేరు కంపెనీని బట్టి మారుతుంది:

- శామ్‌సంగ్: `Color Tone` లో `Warm2`
- ఎల్‌జీ: `Color Temperature` లో `Warm 50`. పాత మోడళ్లలో Warm వరసలో చివరిది
- సోనీ: `Color temperature` లో `Expert 1`
- మిగతావి: `Warm` అని ఒకటే ఉంటే అది, రెండు మూడు ఉంటే ముందు చివరిది పెట్టి చూడండి

పెట్టగానే పసుపుగా అనిపిస్తుంది. అనిపించాలి కూడా, ఎందుకంటే మీ కన్ను ఇంకా పాత నీలం తెలుపుకే సర్దుకుని ఉంది. రిమోట్ పక్కన పెట్టేసి ఇరవై నిమిషాలు సినిమా చూడండి. కంటి సర్దుబాటులో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే జరిగిపోతుంది. మిగిలేది అలవాటు, దానికి మాత్రం కొన్ని రోజులు పట్టొచ్చు.

### 4.5 గామా

నలుపుకీ తెలుపుకీ మధ్య ఛాయలు ఎంత చీకటిగా కనిపించాలో నిర్ణయించేది గామా. `Gamma` ఆప్షన్ ఉంటే చీకటి గదికి `2.4` లేదా `BT.1886` పెట్టండి. చీకటి సీన్లలో వివరాలు మునిగిపోతున్నట్టుంటే `2.2`కి రండి. `Color`, `Tint` మాత్రం మోడ్‌తో వచ్చినవే ఉంచేయండి.

### 4.6 మిగతా ఇన్‌పుట్‌లు, హెచ్‌డీఆర్

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. చాలా టీవీలు సెట్టింగుల్ని ఇన్‌పుట్‌కి ఒక సెట్టుగా దాచుకుంటాయి. సెట్‌టాప్ బాక్స్ ఉన్న `HDMI 1`లో మార్చింది టీవీలోని ఓటీటీ యాప్‌కి వర్తించకపోవచ్చు. అన్ని ఇన్‌పుట్‌లకూ వర్తింపజేసే ఆప్షన్ ఉంటే వాడండి, లేకపోతే ఒక్కోదానికీ విడిగా మార్చండి.

మామూలు వీడియో, హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ మూడింటికీ సెట్టింగులు విడివిడిగా ఉంటాయి. డాల్బీ విజన్ సినిమా నడుస్తున్నప్పుడే మెనూ తెరిస్తేనే దాని సెట్టింగులు కనిపిస్తాయి. అక్కడ `Dolby Vision Dark` లేదా `Cinema` ఎంచుకుని, కలర్ టెంపరేచర్ మళ్లీ చూసుకోండి. హెచ్‌డీఆర్‌లో మాత్రం వెనక లైటు తగ్గించకండి. మెరుపులు బాగా కాంతిగా రావాలని ఉద్దేశించి చేసిన వీడియో అది.

## 5. ఖమ్మంలో బాబాయ్ వాళ్ల టీవీ

వాళ్లది 55 అంగుళాల ఎల్‌సీడీ. కొన్నప్పటి నుంచీ `Vivid`, `Cool`, బ్యాక్‌లైట్ ఫుల్. గోడలు లేత ఆకుపచ్చ, పైన 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు. బాబాయ్ ఫిర్యాదు ఏంటంటే, రాత్రి లైటు తీసేసి చూస్తే కళ్లు లాగుతున్నాయి, నల్ల సీన్లన్నీ బూడిదగా ఉన్నాయి.

మోడ్ `Movie`కి మార్చాం, సెన్సర్ ఆపాం, బ్యాక్‌లైట్‌ను 50లో 18కి తెచ్చాం. కళ్లు లాగడం అక్కడితోనే తగ్గింది. తర్వాత Warm వరసలో చివరిది పెట్టగానే బాబాయ్ ఊరుకోలేదు.

"ఏంట్రా ఇది, బొమ్మంతా పసుపు పూసినట్టయింది!"

"పావుగంట చూడు బాబాయ్, నచ్చకపోతే నేనే తీసేస్తాను" అన్నాను.

సినిమాలో ఊరి పెద్ద అరుగు మీద కూర్చుని మాట్లాడే సీన్ నడుస్తోంది. తెల్ల పంచె, పక్కన ఇత్తడి చెంబు. కాసేపటికి బాబాయ్ కథలో పడిపోయి రంగు సంగతి మర్చిపోయాడు. అదే సీన్‌కి వెనక్కి వెళ్లి, ఏమీ చెప్పకుండా Cool పెట్టాను.

"అయ్యో, ఇంత నీలంగా ఉందేంట్రా? ఆ చెంబు స్టీలు చెంబులా ఉంది."

అదే టీవీ, అదే సీన్. మీ ఇంట్లో నమ్మనివాళ్లకి చూపించాల్సిన పద్ధతి కూడా ఇదే. Cool నుంచి Warmకి మార్చి చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు. Warmలో పావుగంట కూర్చోబెట్టి, ఆ తర్వాత Coolకి మార్చండి.

ఆ ఆకుపచ్చ గోడ మాత్రం మిగిలిపోయింది. లైటు ఉన్నంతసేపు గోడ నుంచి వచ్చే ఛాయ వల్ల స్క్రీన్ కొంచెం గులాబీగా అనిపిస్తుంది. లైటు ఆపేస్తే ఆ ఛాయ బాగా తగ్గింది, కాబట్టి రాత్రి చూపుకి ఇబ్బంది లేదు.

## 6. కుదిరిందని ఎలా తెలుసుకోవాలి?

బ్లాక్ అండ్ వైట్ సినిమా పెట్టి పది నిమిషాలు చూడండి. బూడిద రంగులు ఏ ఛాయా లేకుండా ఉండాలి. ఆకాశం, తెల్లచీరలు లాంటి కాంతి భాగాల్లో ఒక రంగు, నీడల్లో ఇంకో రంగు కనిపిస్తే అది టీవీ వైట్ బ్యాలెన్స్, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ల తేడా. Warm, Cool మార్చి దాన్ని సరిచేయలేరు.

రెండో పరీక్ష ఫోన్‌తో. మంచి ఫోన్ల స్క్రీన్లు `Natural` రంగుల మోడ్‌లో D65కి దగ్గరగానే ఉంటాయి. ఐఫోన్‌లో `True Tone`, `Night Shift` ఆపండి. ఆండ్రాయిడ్‌లో `Vivid` నుంచి `Natural`కి మార్చి, రాత్రి మోడ్ ఆపండి. టీవీలోనూ ఫోన్‌లోనూ తెలుపు ఫొటో పెట్టి, కాంతి రెండింటిలోనూ ఒకేలా ఉండేట్టు చూసుకుని పక్కపక్కన పోల్చండి. కొంచెం తేడా ఉంటే పట్టించుకోకండి. ఓఎల్‌ఈడీ, ఎల్‌సీడీ స్క్రీన్లు మీటర్‌లో ఒకే అంకె చూపించినా కంటికి కాస్త వేరుగా కనిపించడం ఉంది. కొట్టొచ్చినట్టు నీలమో, ఎరుపో ఉందా అన్నదే ఇక్కడ చూడాలి.

## 7. తరచుగా జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

కంటికి హాయిగా ఉంటుందని `Eye Comfort` మోడ్‌లో సినిమా చూడటం. అది 6500 దగ్గర ఆగదు, బాగా కిందికి దిగి నిజంగానే నారింజ రంగు కలుపుతుంది. చదువుకోవడానికి పరవాలేదు, సినిమాకి వద్దు. కళ్లు లాగుతుంటే కాంతి తగ్గించండి.

టీవీ వెనక పసుపు లైటు పెట్టడం. వెనక గోడకి చిన్న ఎల్‌ఈడీ స్ట్రిప్ ఉంటే కంటికి హాయే. కానీ అది 3000 కెల్విన్ అయితే, పసుపు గోడ పక్కన స్క్రీన్ నీలంగా కనిపిస్తుంది. అప్పుడు మీరు Warmని ఇంకా పెంచాలనుకుంటారు. స్ట్రిప్ కూడా 6500 తెలుపే తీసుకోండి. గోడ మీద దాని వెలుగు స్క్రీన్ తెలుపులో పదో వంతు మించకూడదు. రంగులు మారే స్ట్రిప్‌లలో వచ్చే తెలుపుని నమ్మలేం.

ఇంకొకరి టీవీ అంకెలు తెచ్చి వాడటం. `R-Gain`, `B-Gain` లాంటి వైట్ బ్యాలెన్స్ అంకెలు ఆ ఒక్క టీవీకి, మీటర్‌తో కొలిచి తీసినవి. అదే మోడల్ అయినా మీ ప్యానెల్ వేరు. పిక్చర్ మోడ్, టెంపరేచర్, గామా వరకు కాపీ కొట్టొచ్చు. ఈ అంకెలు మాత్రం వద్దు. ఇప్పటికే మార్చేసి ఉంటే ఆ మోడ్‌ని రీసెట్ చేసి 4.2 నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

పసుపు తగ్గించాలని `Tint` జరపడం. `Tint` జరిగేది ఆకుపచ్చకీ, గులాబీకీ మధ్య. పసుపు పోదు సరికదా, ముఖాలు ఇంకో రకంగా చెడతాయి.

రాత్రి సీన్ నీలంగా ఉందని ఇంకా Warm చేయడం. చాలా సినిమాల్లో వెన్నెల సీన్లు కావాలనే నీలంగా చేస్తారు. ఆ ఒక్క సీన్ చూసి నిర్ణయం తీసుకోకండి. అదే సినిమాలో పగటి సీన్‌లో ముఖాలు చూడండి.

వారం గడిచినా పసుపుగానే అనిపించడం. ముందు సెన్సర్, `Eye Comfort` నిజంగా ఆగాయో లేదో చూడండి. అవి ఆగే ఉంటే మీ టీవీలో చివరి Warm, 6500 కన్నా కిందికి దిగి ఉండొచ్చు. కొన్ని మోడళ్లలో అలా ఉంటుంది. ఒక మెట్టు ఇవతలికి వచ్చి, అంటే `Warm2` బదులు `Warm1` పెట్టి, బ్లాక్ అండ్ వైట్ సినిమాతో మళ్లీ పరీక్షించండి. రెండింటిలోనూ బూడిద రంగు ఒక వైపే మొగ్గుతుంటే మాత్రం కంటితో చేయగలిగింది అయిపోయినట్టే. కలరిమీటర్ ఉన్న కాలిబ్రేషన్ టెక్నీషియన్‌ని పిలిపించండి. ఆయన కూడా పని మొదలుపెట్టేది మీరు ఎంచుకున్న ఈ మోడ్‌లోనే, ఈ Warm నుంచే.